కోపంలో చంపితే అది హత్య కాదా?

మన సంఘం ఆఫీసుకు కేసు కాగితాలు పట్టుకొచ్చేవారు తరచూ అడిగే మాట ఇది: "కోపంలో జరిగిపోయిందండీ, అలాంటప్పుడు హత్య కాదుగా?" మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ల కాగితాల్లో అయితే ఒకచోట 'ఖూన్' అని, ఇంకోచోట 'సదోష మనుష్యవధ' అని కనిపిస్తుంది. ఖూన్ అంటే హత్య. రెండోదాన్ని తెలుగులో నేరపూరిత నరహత్య అంటాం. ప్రతి హత్యా నేరపూరిత నరహత్యే గాని, ప్రతి నేరపూరిత నరహత్యా హత్య కాదు. చంపాలనే ఉద్దేశంతో చంపితే మామూలుగా అది హత్యే. అయితే చట్టం కొన్ని మినహాయింపులు ఇచ్చింది. అందులో మొదటిది, ఎదుటివాడు తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టడంతో మనిషి అదుపు తప్పి చంపడం. అప్పుడు నేరం పోదు, ఒక మెట్టు తగ్గుతుంది.

'హఠాత్తుగా' అనే మాట ఎంత బరువైందో బొంబాయి నానావతి కేసు చూస్తే తెలుస్తుంది. నౌకాదళ అధికారి నానావతికి 1959 ఏప్రిల్ 27న, ప్రేమ్ అహూజాతో తనకున్న సంబంధం గురించి భార్యే చెప్పింది. ఆయన భార్యాపిల్లల్ని సినిమా హాలు దగ్గర దించి, తన ఓడకు వెళ్లి, అబద్ధపు కారణం చెప్పి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. అహూజా ఆఫీసుకు వెళ్లి, అక్కడ లేకపోతే ఫ్లాటుకు వెళ్లి కాల్చాడు. జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, ఒకరు కాదన్నారు. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. హైకోర్టు హత్యేనని యావజ్జీవం వేసింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

సుప్రీంకోర్టు గడియారం లెక్క చూసింది. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇల్లు వదిలాడు, కాల్పులు జరిగింది నాలుగూ ఇరవైకి. దగ్గర దగ్గర మూడు గంటలు. భార్య మాట విని అతను రెచ్చిపోయి ఉండొచ్చు, మాటలు కూడా రెచ్చగొట్టగలవని కోర్టే అంది. కానీ ఈలోపు తేరుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంది, చేసిన పనులన్నీ లెక్కగా చేసినవే. చల్లారాక చేసింది పథకం కిందికే వస్తుంది.

అదే నిమిషంలో, చేతికందిన దానితో కొట్టి ఉంటే వాదన వేరుగా ఉండేది. అప్పుడు కూడా అదే పరిస్థితిలో, అదే సమాజంలో ఉన్న మామూలు మనిషి అదుపు తప్పేవాడా అని కోర్టు అడుగుతుంది. మనిషి ముక్కోపి అంటే సరిపోదు. కావాలని కయ్యానికి కాలుదువ్వి తిట్టించుకున్నవాడికి కూడా ఈ మినహాయింపు లేదు.

2024 జులై 1 తర్వాత జరిగిన ఘటనలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. మినహాయింపు 101వ సెక్షన్‌లో ఉంది. హత్యకు 103 కింద మరణశిక్ష లేదా యావజ్జీవం. ఉద్దేశంతో చేసినా మినహాయింపు నిలిస్తే 105 కింద యావజ్జీవం, లేదా అయిదు నుంచి పదేళ్లు. రెచ్చగొట్టారని చూపించాల్సిన బాధ్యత మాత్రం ముద్దాయిదే. కాబట్టి వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు తిట్టిన మాట ఏదో చెప్పడంతో ఆగకండి. అది ఎన్నింటికి, దెబ్బ ఎన్నింటికి, మధ్యలో ఎక్కడెక్కడికి వెళ్లారో కూడా దాచకుండా చెప్పండి.