జీతం పడ్డ రోజే ఆ 295 ఎటు పోయింది?

విజయవాడలో ఓ బట్టల షోరూంలో కొత్తగా చేరిన కుర్రాడు బ్యాంకు కౌంటర్లో ఇచ్చిన స్టేట్‌మెంట్‌ను ఫోన్లో ఫొటో తీసి అన్నయ్యకు వాట్సాప్ చేశాడనుకుందాం. జీతం 16,400 రూపాయలు పడిందని మెసేజ్ వచ్చింది. సాయంత్రం చూస్తే 295 తక్కువ. షోరూం వాళ్లే కోశారని అతని అనుమానం.

ఫొటోలో ముందుగా వెతకాల్సింది తేదీల వరుస. కొన్ని స్టేట్‌మెంట్లలో పాతవి పైన ఉంటాయి, కొన్నింటిలో కొత్తవి పైన. అది తేలాక మిగతాది సులువే. క్రెడిట్ అంటే ఖాతాలో పడిన డబ్బు, డెబిట్ అంటే ఖాతాలోంచి పోయిన డబ్బు. ప్రతి వరుస చివరా ఉండే బ్యాలెన్స్, ఆ లావాదేవీ అయిపోయాక మిగిలిన మొత్తం.

ఇతని స్టేట్‌మెంట్లో పాతవి పైన ఉన్నాయి. 5వ తేదీకి బ్యాలెన్స్ 180. 7న జీతం 16,400 క్రెడిట్ అయి 16,580 అయింది. అంటే జీతం పూర్తిగానే పడింది, షోరూం వాళ్ల తప్పేమీ లేదు. ఆ కిందే రెండు డెబిట్లు: NACH RTN CHG అని 250, దాని మీద జీఎస్టీ 45. మిగిలింది 16,285.

ఆ 250 బైక్ లోన్ తెచ్చిన ఖర్చు. 5న 3,250 రూపాయల ఈఎంఐ కోసం ఫైనాన్స్ కంపెనీ పంపిన ఆటో డెబిట్, ఖాతాలో డబ్బు చాలక వెనక్కి పోయింది. దానికి బ్యాంకు వేసిన చార్జీ ఇది. ఆ రోజు కోయడానికి డబ్బు లేక, జీతం పడగానే కోసుకుంది. చార్జీ ఎంతన్నది బ్యాంకును బట్టి మారుతుంది. జీఎస్టీ మాత్రం 18 శాతం. కొన్ని బ్యాంకులు రెండూ కలిపి ఒకే వరుసలో 295 అని వేస్తాయి. ఈఎంఐ ఇంకా కట్టాల్సే ఉంది. పైగా ఫైనాన్స్ కంపెనీ విడిగా వేసే బౌన్స్ చార్జీ ఈ స్టేట్‌మెంట్లో కనపడదు, లోన్ ఖాతాలో చూడాలి.

ఇక తర్వాతి డెబిట్ ఫొటోలో మసకగా ఉంది: 3,500 అనుకోవాలా, 8,500 అనుకోవాలా? కళ్లు చికిలించి లాభం లేదు. పై వరుస బ్యాలెన్స్ 16,285, ఈ వరుస బ్యాలెన్స్ 12,785. తేడా 3,500. అంకె అరిగిపోయినా ఈ తీసివేత దాన్ని పట్టిస్తుంది. రెండు పేజీల ఫొటోలైతే మొదటి పేజీ చివరి బ్యాలెన్స్ నుంచే రెండోది మొదలవ్వాలి. అలా కాకపోతే మధ్యలో వరుసలేవో ఫొటోలో పడలేదన్నమాట.

అసలు చిక్కు తేదీలదే. జీతం 7న పడుతుంటే ఈఎంఐ 5న ఉండటం వల్ల ప్రతి నెలా ఇదే ముప్పు. తేదీని 10కి మార్చమని ఫైనాన్స్ కంపెనీని అడగొచ్చు. ఒప్పుకోకపోతే 4వ తేదీకల్లా 3,250 ఖాతాలో ఉండేలా చూసుకోవాలి. డబ్బు ఉండగానే రిటర్న్ చార్జీ పడితే మాత్రం ఊరుకోకూడదు. ఆ వరుస తేదీ, అప్పటి బ్యాలెన్స్ రాసి బ్రాంచిలో ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఫీజేమీ ఉండదు.