మూడు నిమిషాల్లో పదకొండు నయాగరాలు

(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



మన రేడియోలో మూడు నిమిషాల చిన్న ప్రసంగాలు చేసేవారు చాలామంది ఉన్నారు. పిల్లలు కూడా చేస్తున్నారు. ఆ ప్రసంగాల్లో అంకెలు వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది ఇవాళ్టి విషయం. చదివే మనిషికి అంకె అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకుంటాడు. వినే మనిషికి ఆ వీలు లేదు. ఒక చేత్తో కారు నడుపుతూనో, పోపు వేస్తూనో వింటూ ఉంటాడు. అంకె చెవిన పడిన క్షణంలో దాని పరిమాణం తెలియకపోతే అది ఇక పోయినట్లే.

ఒక్క ఉదాహరణ తీసుకుని చివరిదాకా చేసి చూద్దాం. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడకు వరద వచ్చింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. దీని మీద మూడు నిమిషాలు మాట్లాడాలనుకోండి.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఘనపుటడుగంటే దాదాపు 28 లీటర్లు. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి మొదట ఎవరికైనా లీటర్లలో చెబుదామనే అనిపిస్తుంది. కాలిక్యులేటర్‌లో కొడితే సెకనుకు 3,23,66,156 లీటర్లు అని వస్తుంది. దీన్ని ఉన్నదున్నట్టు చదివితే రెండు నష్టాలు. మొదటిది, ఎనిమిది అంకెలు చెవిలో నిలవవు. రెండోది ఇంకా పెద్దది. ఆ చివరి అంకెలు నిజం కావు. వరదలో నీటిని ఎవరూ కొలపాత్రతో కొలవరు. గేట్లు ఎంత ఎత్తారు, నీటిమట్టం ఎంత ఉంది అని చూసి ప్రవాహాన్ని లెక్కగడతారు. అలాంటి లెక్కలో చివరి 156 లీటర్లు నీటి నుంచి వచ్చినవి కావు, కాలిక్యులేటర్ నుంచి వచ్చినవి. కాబట్టి రౌండు ఫిగరు చెయ్యడమంటే నిజాన్ని కోసెయ్యడం కాదు, లేని నిజాన్ని తీసెయ్యడం.

ఈ పనికి మన భాషలో మంచి సదుపాయం ఉంది. పావు, అర, ముప్పావు అనే మాటలు అంకెల పక్కన ఇట్టే అతుక్కుంటాయి. 11.43 లక్షలను "పదకొండున్నర లక్షలు" అనవచ్చు. అసలుకి, దీనికి తేడా నూటికి ఒక పాలు కూడా లేదు. లీటర్లయితే "సెకనుకు మూడు కోట్ల పైచిలుకు." ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. లెక్కలన్నీ అసలు అంకెతో చేసి, చెప్పే ముందు చివర్లో మాత్రమే రౌండు చెయ్యాలి. ముందే రౌండు చేసి దాన్ని హెచ్చవేస్తే తప్పు కూడా హెచ్చవుతుంది.

అయితే రౌండు చెయ్యకూడని చోటు కూడా ఇందులోనే ఉంది. 2009 అక్టోబరు వరదలో ఇదే బ్యారేజి దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చాయని సాధారణంగా చెబుతారు. మీ ప్రసంగంలో ముఖ్యమైన మాట "2009ని మించిపోయింది" అన్నదే అయితే, రెండింటినీ దగ్గరి లక్షకు రౌండు చేసి చూడండి. రెండూ పదకొండు లక్షలే. మీరు చెప్పదలచుకున్న తేడా మాయమైపోయింది. పోనీ అర లక్షకు రౌండు చేస్తే ఒకటి పదకొండు, ఒకటి పదకొండున్నర. అసలు తేడా 33 వేలయితే, వినేవాళ్ళకు 50 వేలని వినిపిస్తుంది. అలాంటప్పుడు రెండు అంకెల్నీ పక్కన పెట్టి తేడానే చెప్పాలి: "2009 కంటే నూటికి మూడు పాళ్ళు ఎక్కువ." అంటే దేన్ని రౌండు చెయ్యాలో అంకె చెప్పదు, మీరు చెప్పదలచుకున్న మాట చెబుతుంది. ఆ మాటను ముందు ఒక్క వాక్యంలో రాసుకుని తర్వాత అంకెల జోలికి వెళ్ళాలి.

ఇక్కడ మన విదేశీ కుటుంబాలకు మరో చిక్కుంది. తాతగారికి లక్షలు, కోట్లు తెలుసు. మనవరాలికి మిలియన్లు తెలుసు. పదకొండు లక్షలను ఆ పిల్ల పదకొండు మిలియన్లని అనువదిస్తే పది రెట్లు పెరిగిపోతుంది. నిజానికి అది ఒక మిలియన్‌కు కాస్త పైన. ఇద్దరికీ ఒకేసారి అర్థం కావాలంటే ఇద్దరూ చూసిన వస్తువు కావాలి.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబానికి ఆ వస్తువు వెతుక్కోనవసరం లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట తీసుకెళ్ళేది నయాగరాకే. రెయిన్‌కోట్లు వేసుకుని పడవలో దిగిన ఫొటో చాలా ఇళ్ళలో ఉంటుంది. ఆ జలపాతం మీదుగా ఎంత నీరు వదలాలో 1950లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకున్నాయి. యాత్రికులు వచ్చే కాలంలో పగటి వేళ సెకనుకు లక్ష ఘనపుటడుగులకు తగ్గకూడదు. మిగతా వేళల్లో అందులో సగం చాలు. సెకనుకు లక్ష ఘనపుటడుగులంటే మన భాషలో లక్ష క్యూసెక్కులే. కాబట్టి ఆ రోజు ప్రకాశం బ్యారేజి గుండా పోయింది, మన వాళ్ళు పగటిపూట చూసే నయాగరాకు పదకొండు రెట్లు.

"పదకొండు నయాగరాలు" అనగానే తాతగారికీ అర్థమవుతుంది, మనవరాలికీ అర్థమవుతుంది. లక్ష, మిలియన్ గొడవ లేదు. కానీ పోలిక వాడేటప్పుడు దాని హద్దు కూడా ఒక్క మాటలో చెప్పాలి. నయాగరాలో కళ్ళను కట్టేసేది ఎత్తు. నీళ్ళు యాభై మీటర్ల పై నుంచి పడతాయి. ప్రకాశం బ్యారేజి కిలోమీటరు పైన పొడవుండి, నీళ్ళు బల్లపరుపుగా పోయే చోటు. "ఎత్తులో కాదు, నీటి పరిమాణంలో" అని చేర్చకపోతే వినేవాళ్ళు విజయవాడలో పదకొండు జలపాతాల్ని ఊహించుకుంటారు. ఇంకొక సంగతి. నయాగరా నది నీటిలో చాలా భాగాన్ని కరెంటు కోసం జలపాతానికి ముందే మళ్ళిస్తారు. నది మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే పోలిక దాదాపు సగానికి తగ్గిపోతుంది. అందుకే "నయాగరా నది" అనకుండా "పగటిపూట మనం చూసే జలపాతం" అనాలి.

గల్ఫ్‌లోనో, మలేషియాలోనో ఉండేవారిలో నయాగరా చూసినవారు తక్కువ. వారికి కాలంతో పోలిక బాగా నప్పుతుంది. కోటి మంది ఉన్న నగరం, మన హైదరాబాదు పాటిది, అనుకోండి. మనిషికి రోజుకు వంద లీటర్లు వేసుకుంటే నగరానికి రోజుకు వంద కోట్ల లీటర్లు కావాలి. బ్యారేజి దగ్గర సెకనుకు మూడు కోట్ల లీటర్ల పైగా పోతున్నాయి. భాగిస్తే 31 సెకన్లు వస్తుంది. అంటే ఆ నగరానికి ఒక రోజుకు సరిపడే నీరు అరనిమిషంలో బ్యారేజి దాటిపోయింది. రేడియోలో దీనికో అదనపు బలం ఉంది. "నేను మాట్లాడే ఈ మూడు నిమిషాల్లో ఆరు రోజుల నీళ్ళు" అని కూడా అనవచ్చు. వినేవాళ్ళు అంకె విన్నట్టు కాకుండా సమయం గడవడాన్ని గమనిస్తారు. అయితే వంద లీటర్లన్నది మనం పెట్టుకున్న లెక్క. దాన్ని తప్పక పైకి చెప్పాలి. 135 లీటర్లు వేసుకుంటే అరనిమిషం కాస్తా ముప్పావు నిమిషానికి దగ్గరవుతుంది.

బెడిసికొట్టే పోలికలు కూడా చూద్దాం. "సెకనుకు పదమూడు ఒలింపిక్ ఈతకొలనులు" అన్నది లెక్కకు సరిపోతుంది. కానీ ఒలింపిక్ కొలను గట్టున నిలబడినవాళ్ళు మనలో ఎందరు? తెలియని అంకెను తెలియని వస్తువుతో పోల్చితే రెండు తెలియనివి మిగులుతాయి. ఇక రెండో తప్పు, వార్తల్లో కూడా దొర్లేది, క్యూసెక్కుల్ని టీఎంసీలతో కలిపెయ్యడం. క్యూసెక్కు వేగం. టీఎంసీ నిల్వ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. కొళాయి ధార వేరు, బిందెలో నీళ్ళు వేరు. మధ్యలో "ఎంతసేపు" అన్నది చేరితేగాని ఒకటి రెండోది కాదు. 11.43 లక్షల క్యూసెక్కులు రోజంతా నిలకడగా పోతే దాదాపు వంద టీఎంసీలవుతాయి. 312 టీఎంసీల నాగార్జునసాగర్ మూడు రోజుల్లో నిండుతుందనాలని నోరూరుతుంది. కానీ అది వరద శిఖరం. కొన్ని గంటలుండి తగ్గిపోయింది. మూడు రోజులు అలాగే నిలిచినట్టు ధ్వనించే పోలిక అంకె తప్పు లేకుండానే అబద్ధం చెబుతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. బాగా గుర్తుండిపోయే పోలిక, తనకు సంబంధం లేని సంగతికి కూడా కారణంలా అనిపిస్తుంది. ఆ వరదలో అజిత్‌సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. పదకొండు నయాగరాలు విన్నవారెవరైనా ఆ ఇళ్ళను కృష్ణే ముంచిందనుకుంటారు. నిజానికి ఆ ప్రాంతాన్ని ప్రధానంగా ముంచింది బుడమేరు. గట్లకు గండ్లు పడి ఊరి మీదికి వచ్చిన వాగది. కృష్ణా అంకెతో పోలిస్తే బుడమేరు అంకె చాలా చిన్నది, కానీ ఇళ్ళలోకి వచ్చింది ఆ నీళ్ళే. దూరదేశంలో కూర్చుని అక్కడి బంధువులకు సాయం పంపేవారికి ఈ తేడా తెలియాలి. బ్యారేజి దగ్గర ప్రవాహం తగ్గిందని విని "ఇక గండం గడిచింది" అనుకుంటే, అప్పటికి సింగ్ నగర్‌లో మేడమీద నీళ్ళ సీసా కోసం ఎదురుచూస్తున్న పిన్నిగారి సంగతి మనకు తట్టదు.

ఇవన్నీ కలిపితే ప్రసంగంలో ఆ భాగం ఇలా తయారవుతుంది:

"2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి గుండా పదకొండున్నర లక్షల క్యూసెక్కుల కృష్ణ పోయింది. ఎత్తు మాట వదిలేసి నీటి పరిమాణం చూస్తే, మనం పగటిపూట చూసే నయాగరా జలపాతాలు పదకొండు పక్కపక్కన పెట్టినంత. కానీ సింగ్ నగర్ ఇళ్ళలోకి వచ్చింది ప్రధానంగా ఈ నీరు కాదు. అది బుడమేరు. నది తగ్గినా అక్కడ నీళ్ళు తగ్గలేదు."

అంకె ఒకటి, పోలిక ఒకటి, హద్దు ఒకటి. అరనిమిషం నగరం పోలిక కూడా బాగున్నా ఇందులో పెట్టలేదు. రెండు పోలికలు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి తుడిచేస్తాయి. మీ శ్రోతలు ఎవరో చూసి ఒకటే ఎంచుకోండి.

చివరిగా ఒక పరీక్ష. రాసుకున్నది ఇంట్లో ఒకరికి ఒక్కసారే చదివి వినిపించండి. గంట తర్వాత, భోజనాల దగ్గర, ఏం గుర్తుందో అడగండి. "పదకొండు నయాగరాలు, కానీ ముంచింది వేరే వాగు" అని వస్తే మీ ప్రసంగం సిద్ధమైనట్టే. "ఏదో లక్షలు, చాలా నీళ్ళు" అని వస్తే అంకె ఇంకా నలగలేదు. "నయాగరా వచ్చి సింగ్ నగర్‌ను ముంచింది" అని వస్తే మాత్రం పోలిక మరీ బాగా పనిచేసింది. హద్దు చెప్పిన వాక్యాన్ని ఇంకాస్త ముందుకు జరిపి మళ్ళీ చదివి వినిపించండి.