బండి పక్క మీద ఏం రాయాలి, ఎంత రాయాలి?

ఇడ్లీ పిండి ప్యాకెట్లు దుకాణాలకు వేసే చిన్న మూసిన బండి ఒకటి ఉందనుకుందాం. దాని పక్క 7 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. ఇంత జాగా ఖాళీగా ఎందుకు వదలాలని యజమాని దాని మీద పేరు, ఇడ్లీ బొమ్మ, నాలుగు రకాల పిండి, రెండు ఫోన్ నంబర్లు, చిరునామా అన్నీ రాయిస్తాడు. షెడ్డులో నిలబడి చూస్తే చక్కగానే ఉంటుంది. రోడ్డెక్కాక మాత్రం రంగులే కనబడతాయి.

ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోంది, ఎదురుగా ఒక బైకు అంతే వేగంతో వస్తోంది. రెండూ కలిసి సెకనుకు 22 మీటర్లు దగ్గరవుతాయి. బైకు దూరంగా ఉన్నప్పుడు బండి ముందు భాగమే కనిపిస్తుంది, పక్క గోడ సన్నని చీలికలా ఉంటుంది. గోడకూ చూపుకూ మధ్య కోణం 30 డిగ్రీలకు చేరితే అక్షరాల వెడల్పు సగమైనా కనబడుతుంది. ఇద్దరి మధ్య అడ్డదూరం 5 మీటర్లయితే ఆ స్థితి సుమారు 9 మీటర్ల దూరంలో వస్తుంది. అక్కడి నుంచి దాటిపోవడానికి పట్టేది 0.4 సెకను. అందులో ఎవరూ ఏదీ చదవలేరు.

అయితే చదివేదెవరు? కూడలిలో మన బండి అడ్డంగా వెళుతుంటే అటువైపు నుంచి నెమ్మదిగా వస్తున్నవాళ్లు, సిగ్నల్ దగ్గర ఆగినవాళ్లు. వాళ్లకు గోడ తిన్నగా కనిపిస్తుంది. 20 మీటర్ల దూరం నుంచి, మధ్యలో భవనాలు అడ్డొచ్చినా, మూడు నాలుగు సెకన్లు దొరుకుతాయి. రాత వీళ్ల కోసమే వేయాలి.

బోర్డులు రాసేవాళ్లకు ఒక మోటు లెక్క ఉంది: హాయిగా చదవాలంటే ప్రతి 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. 20 మీటర్లంటే 65 అడుగులు, అంటే 6 నుంచి 7 అంగుళాలు. ఇది అక్షరం ఒంటికి మాత్రమే. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కదా! ‘ఇడ్లీ’లోని డ్లీ చూడండి: పైన గుడిదీర్ఘం, కింద ల ఒత్తు. ఒళ్లు 10 అంగుళాలైతే పైన 3, కింద 5 కలిపి ఆ వరుసకు 18 అంగుళాలు పోతాయి. ఒత్తును కుదించి జాగా మిగిల్చారో, దూరం నుంచి ‘ఇడ్లీ’ ‘ఇడీ’ అవుతుంది.

ఇప్పుడు 60 అంగుళాల గోడను పంచుదాం. పైన 5 అంగుళాలు ఖాళీ. తర్వాత 18 అంగుళాల్లో ‘ఇడ్లీ పిండి’. ఏం అమ్ముతున్నారో తెలియకుండా కంపెనీ పేరు పెద్దగా రాసి లాభం లేదు. 4 అంగుళాలు వదిలి, పేరుకు 10 అంగుళాల వరుస. మళ్లీ 4 వదిలి, ఫోన్ నంబరు 7 అంగుళాల ఎత్తున. పది అంకెలను అయిదేసిగా విడదీస్తే 54 అంగుళాల్లో సరిపోతాయి, గుర్తుంచుకోవడమూ సులువు. కింద మిగిలిన 12 అంగుళాలు చక్రాల బురదకు వదిలేయాలి. చిరునామా, రెండో నంబరు, రకాల జాబితా వెనక తలుపు మీదకు పోవాలి. వెనకాల వచ్చేవాడికి తీరిక ఎక్కువ.

గీత మందం అక్షరం ఎత్తులో ఆరోవంతు చాలు. అంతకంటే లావైతే అక్షరాల పొట్టలు పూడుకుపోతాయి. ‘థ’లోని చుక్క, ‘ధ’ కింది గీత ముందుగా మాయమయ్యేవి. నీడలు, రెండో రంగు అంచులు కూడా ఇదే పని చేస్తాయి. పసుపు మీద నలుపు, ముదురు నీలం మీద తెలుపు నిలబడతాయి. తెలుపు మీద పసుపు నిలవదు. పక్కకు జరిగే తలుపున్న బండైతే, తలుపు తీసినప్పుడు నంబరులో ఏ అంకె మరుగుతుందో చూసుకోవాలి. కీళ్ల మీద, పిడి మీద అంకె పడకూడదు.

స్టిక్కర్ కోయించే ముందు పదోవంతు సైజులో కాగితం మీద ప్రింటు తీయించండి. గోడకు అంటించి ఆరున్నర అడుగుల దూరం నుంచి, విషయం తెలియనివాళ్లకు రెండు సెకన్లు చూపి మూసేయండి. ఏం అమ్ముతారో, నంబరులో మొదటి అయిదు అంకెలేమిటో అడగండి. తర్వాత ఏటవాలుగా నిలబెట్టి మళ్లీ చూపించండి. మొదటిది చెప్పలేకపోతే రాత తగ్గించాల్సిందే. రెండోది చెప్పలేకపోయినా ఫరవాలేదు, అక్షరం దొరికితే కూడలిలో మళ్లీ కనబడినప్పుడు నంబరు దొరుకుతుంది.