చతురస్రానికి రెండే గీతలు వచ్చాయేంటి? సౌష్ఠవ రేఖల వర్క్‌షీట్ కథ

పోయిన వారం మా అక్క కూతురు అంబర్‌పేట్‌లో మా ఇంటికి వచ్చింది. నాలుగో తరగతి. సౌష్ఠవం పాఠం నడుస్తోందట, అందుకని నేనే ఫోన్‌లో ఒక వర్క్‌షీట్ తయారుచేసి, ఉప్పల్ వెళ్లినప్పుడు ప్రింట్ తీయించాను. చతురస్రం, దీర్ఘచతురస్రం, సమాంతర చతుర్భుజం, మూడు రకాల త్రిభుజాలు, వృత్తం, హార్ట్ బొమ్మ. ప్రతి బొమ్మకీ ఎన్ని సౌష్ఠవ రేఖలు ఉంటే అన్ని గీయాలి, పక్కన డబ్బాలో అంకె వేయాలి. అంతే.

మొదటి బొమ్మ దగ్గరే గొడవ మొదలైంది. చతురస్రం పక్కన పాప 2 అని రాసింది. నేను చూసి, "తప్పు, నాలుగు" అన్నాను. "లేదు మామా, మడిచి చూసిన, రెండే వస్తున్నయ్" అంది. నేను వినలేదు. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టేశాను. ముఖం చిన్నబుచ్చుకుని పెన్సిల్ పక్కన పడేసింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను, ముందు అసలు ఈ రేఖ అంటే ఏంటో చూద్దాం.

ఒక బొమ్మను కత్తిరించి, ఒక గీత మీద మడిచామనుకోండి. ఒక సగం వెళ్లి రెండో సగం మీద అచ్చంగా కూర్చోవాలి. అంచు మీద అంచు, మూల మీద మూల. ఎక్కడా బయటికి రాకూడదు, లోపల ఖాళీ మిగలకూడదు. అలా కూర్చుంటేనే ఆ మడత సౌష్ఠవ రేఖ. దీన్ని సౌష్ఠవాక్షం అని కూడా అంటారు. పిల్లలతో చేయించేటప్పుడు మడిచాక కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకోమనండి. వెలుతురులో అంచులు రెండు కనిపిస్తే ఫెయిల్, ఒకటే కనిపిస్తే పాస్. పాసైతే విప్పి మడత మీదే పెన్సిల్‌తో గీత గీయాలి. ఊహించి గీయడం కాదు.

ఇప్పుడు దీర్ఘచతురస్రం. పాప దీనికి 4 వేసింది. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, మూల నుంచి మూలకి రెండు. ఎందుకు అని అడిగితే, "మూలకు కోస్తే రెండు ముక్కలు సమానమే గదా" అంది. నిజమే, సమానమే! ఒక ముక్కని తిప్పి రెండోదాని మీద పెడితే సరిగ్గా సరిపోతుంది కూడా. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే అన్నమాట. అది బుద్ధి లేక చేసే తప్పు కాదు, సగం నిజం నుంచి పుట్టిన తప్పు. రెండు సమాన ముక్కలు రావడం వేరు, మడిస్తే ఒకదాని మీద ఒకటి పడటం వేరు. మడతలో ముక్కని తిప్పే అవకాశం లేదు. గీత మీద నుంచి అటు బోర్లించడమే.

ఒక ఏ4 కాగితం తీసుకోండి. వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7. మూల నుంచి మూలకి మడవండి. మిగిలిన రెండు మూలలూ కలవాలి కదా? కలవవు. స్కేలు పెట్టి కొలవండి, వాటి మధ్య దాదాపు 12 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. ఇక వాదన అక్కర్లేదు. దీర్ఘచతురస్రానికి రెండే రేఖలు.

కాగితం లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసి, ఆ నల్లటి అద్దాన్ని గీత మీద నిలబెట్టండి. బొమ్మలో కనిపించే సగం, అద్దంలో దాని నీడ కలిపి చూడండి. మొదటి బొమ్మే కనబడితే అది సౌష్ఠవ రేఖ. దీర్ఘచతురస్రంలో మూల గీత మీద పెడితే దీర్ఘచతురస్రం కనబడదు, గాలిపటం ఆకారం కనబడుతుంది. పాపకి ఇది భలే నచ్చింది, నా ఫోన్ అరగంట ఇవ్వలేదు.

ఇక సమాంతర చతుర్భుజం, అంటే పక్కకి తోసేసిన దీర్ఘచతురస్రంలా వాలి ఉండేది. నిలువుగా మడవండి, అడ్డంగా మడవండి, మూలకి మడవండి, ఏదీ కుదరదు. సున్నా. "సున్నా రాస్తే టీచర్ కొట్టేస్తది" అని పాప భయం. డబ్బా ఉందంటే ఏదో ఒక అంకె ఉండాలని పిల్లలు అనుకుంటారు. అందుకే వర్క్‌షీట్‌లో ఇలాంటి బొమ్మ ఒక్కటి కాదు, రెండు మూడు పెట్టాలి. మూడు భుజాలూ వేరువేరుగా ఉన్న విషమబాహు త్రిభుజానికీ సున్నానే. రెండు భుజాలు సమానమైన సమద్విబాహు త్రిభుజానికి ఒకటి, మూడూ సమానమైన సమబాహు త్రిభుజానికి మూడు. హార్ట్‌కి ఒకటి.

వృత్తం దగ్గర పాప గీతలు గీస్తూనే ఉంది. పదిహేను దాటాక బొమ్మంతా నల్లగా అయిపోయింది. "ఎన్ని రాయాలె మామా?" కేంద్రం గుండా ఏ గీత గీసినా పనిచేస్తుంది. ఏ రెండు గీతల మధ్య అయినా ఇంకో గీత పడుతుంది, కాబట్టి లెక్క ఎప్పటికీ పూర్తవదు. డబ్బాలో అంకె వేయకుండా "లెక్కలేనన్ని" అని రాయమన్నాను. ఒకటే షరతు, గీత కేంద్రం గుండా పోవాలి. కొంచెం పక్కకి జరిగినా ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అయిపోతుంది.

మరి జాతీయ జెండాలోని అశోక చక్రం? అందులో 24 ఆకులు. ఎదురెదురు ఆకుల మీదుగా 12 రేఖలు, ఆకుల మధ్య సందుల్లోంచి ఇంకో 12, మొత్తం 24. కానీ జెండా మొత్తానికి, రంగులు కూడా చూస్తే, నిలువుగా ఒక్కటే. అడ్డంగా మడిస్తే కాషాయం వెళ్లి ఆకుపచ్చ మీద పడుతుంది. సంక్రాంతి పతంగీ కూడా ఇంతే. ఉత్త చతురస్రం కాగితానికి నాలుగు రేఖలు. నిలువు పుల్ల, విల్లులా వంచిన పుల్ల, కింద తోక అతికించాక మిగిలేది ఒక్కటి, నిలువు పుల్ల మీదుగా పోయేది. ఆ ఒక్కటి కూడా దెబ్బతిని ఒక వైపు బరువెక్కితే పతంగి అటే వాలిపోతుంది. మా డాబా మీద ప్రతి ఏడాదీ చూసే సీనే.

సరే, ఇప్పుడు మొదటి గొడవ. సాయంత్రం ఆ చతురస్రాన్ని నేనే మడిచాను. నిలువు, అడ్డం బాగానే కుదిరాయి. మూలకి మడిస్తే మూలలు కలవలేదు, అర సెంటీమీటరు పైనే తేడా. స్కేలు తెచ్చి కొలిచాను. ఒక వైపు 6 సెంటీమీటర్లు, ఇంకో వైపు 5.6. బొమ్మని పేజీలో ఇమిడ్చేటప్పుడు నేను మూల పట్టుకుని కాకుండా పక్క అంచు పట్టుకుని లాగినట్టున్నాను, అది సాగింది. కంటికి చతురస్రంలాగే ఉంది, నిజానికి దీర్ఘచతురస్రం. పాప రాసిన 2 కరెక్ట్. అదే షీట్‌లో వృత్తం కూడా కొంచెం కోడిగుడ్డులా సాగింది, దానికి నిజంగా రెండే రేఖలు. సమబాహు త్రిభుజం సమద్విబాహు అయిపోయింది.

కాబట్టి మీరు తయారుచేసినా, డౌన్‌లోడ్ చేసినా, పిల్లల చేతికిచ్చే ముందు ప్రింట్ మీద చతురస్రాన్ని రెండు వైపులా స్కేలుతో కొలవండి. తేడా ఉంటే మళ్లీ తీయించండి.

నేను ఎర్ర ఇంటూ మీద తెల్ల కాగితం ముక్క అతికించి, టిక్ పెట్టి, పాపకి చూపించాను. అది టిక్ చూడలేదు. అతికించిన ముక్కని చూసి, "మామా, దీనికెన్ని రేఖలు?" అంది. చేత్తో చింపిన ముక్క అది. సున్నా.