బయోస్ అప్‌డేట్‌పై సంతకం ఎవరు చూస్తారు?

విండోస్ అప్‌డేట్ జాబితాలో అప్పుడప్పుడు ఫర్మ్‌వేర్ అనే పేరుతో ఒక వరుస కనిపిస్తుంది. దాన్ని ఒప్పుకుని రీస్టార్ట్ నొక్కితే తెర నల్లబడుతుంది, కంపెనీ లోగో వస్తుంది, దాని కింద ఒక గీత మెల్లగా నిండుతుంది. ఫ్యాన్ ఒక్కసారిగా హోరెత్తవచ్చు. ఛార్జర్ తీయొద్దని హెచ్చరిక కూడా ఉంటుంది. ఆ కొద్ది నిమిషాల్లో మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉన్న బయోస్ మారిపోతుంది. ఇప్పటి యంత్రాల్లో దాని అసలు పేరు యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్.

ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా ఇలా వచ్చే ఫర్మ్‌వేర్ మూటను క్యాప్సూల్ అంటారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఈ క్యాప్సూల్‌ను కూడా అదే తనిఖీ చేస్తుందని చాలామంది అనుకుంటారు. అనుకోవడం సహజమే గానీ, అది నిజం కాదు.

సెక్యూర్ బూట్ పని వేరు. యంత్రం లేచేటప్పుడు నడిచే ప్రతి ప్రోగ్రాం మీదా సంతకం ఉందో లేదో అది చూస్తుంది. నమ్మదగిన తాళంచెవుల జాబితా పేరు db, నిషేధించినవాటి జాబితా పేరు dbx. విండోస్ బూట్ లోడర్ గానీ, లినక్స్‌లో ముందుగా నడిచే షిమ్ గానీ db లోని చెవులతో సరిపోలితేనే నడుస్తుంది. క్యాప్సూల్ మాత్రం నడిచే ప్రోగ్రాం కాదు, చిప్‌లోకి రాయాల్సిన డేటా. అందుకే దాని సంతకాన్ని db తో పోల్చరు. ల్యాప్‌టాప్ తయారీదారు తన సొంత చెవిని ఫర్మ్‌వేర్ లోపలే పెట్టి ఉంచుతాడు. కొత్త క్యాప్సూల్‌ను పరీక్షించేది ఆ చెవితోనే.

ఇది మంచి ఏర్పాటు. db లో మైక్రోసాఫ్ట్ చెవులుంటాయి, కావాలంటే యజమాని తనవీ చేర్చుకోవచ్చు. ఆ జాబితాలో ఉన్నవాళ్లందరికీ బయోస్‌నే మార్చే హక్కు ఉంటే, ఒక్క చెవి దొంగల చేతికి చిక్కినా యంత్రం పునాది కదిలిపోయేది. ఈ విభజన వల్ల ఇంకో సంగతీ తేలుతుంది: సెక్యూర్ బూట్ ఆపేసినంత మాత్రాన సంతకం లేని బయోస్‌ను ఎక్కించలేరు. చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్ సెటప్‌లో క్యాప్సూల్ అప్‌డేట్లను అనుమతించే మీట సెక్యూర్ బూట్ మీటకు దూరంగా, విడిగా ఉంటుంది. దానికి కారణం కూడా ఇదే.

మరి ఈ ప్రయాణంలో సెక్యూర్ బూట్‌కు చోటే లేదా? ఉంది, మోసుకొచ్చే మనిషి దగ్గర. లినక్స్‌లో fwupd అనే సాఫ్ట్‌వేర్ క్యాప్సూల్‌ను దింపి, బూట్ విభజనలో పెడుతుంది. తర్వాతి బూట్‌లో ఒక్కసారి మాత్రం మామూలు దారి వదిలి fwupdx64.efi అనే చిన్న ప్రోగ్రాంను నడపమని ఫర్మ్‌వేర్‌కు చెబుతుంది. ఆ ప్రోగ్రాం క్యాప్సూల్‌ను మెమొరీలోకి తెచ్చి, UpdateCapsule అనే సేవను పిలిచి, యంత్రాన్ని రీసెట్ చేస్తుంది. ఇది నడిచే ప్రోగ్రాం కాబట్టి సెక్యూర్ బూట్ దీన్ని ఆపి సంతకం అడుగుతుంది. షిమ్ ద్వారా, లినక్స్ పంపిణీ సంస్థ సంతకంతో ఇది లోపలికి వెళుతుంది. విండోస్‌లో ఈ మోత పని బూట్ లోడరే చేస్తుంది. మూటను తెచ్చినవాడి గుర్తింపు కార్డు చూసేది సెక్యూర్ బూట్, మూట మీది ముద్ర చూసేది ఫర్మ్‌వేర్. క్యాప్సూల్ లోపల డ్రైవర్ ఏదైనా కలిపి పంపితే, అది నడిచే కోడ్ కాబట్టి దాన్ని మళ్లీ సెక్యూర్ బూట్ చూస్తుంది.

అప్‌డేట్ విఫలమైనప్పుడు ఈ తేడా చేతికి అందివస్తుంది. చివరి ప్రయత్నం ఏమైందో ఫర్మ్‌వేర్ ఒక పట్టికలో రాసి ఉంచుతుంది. దాని పేరు ESRT. లినక్స్‌లో దాన్ని ఇలా చదవవచ్చు:

```
cd /sys/firmware/efi/esrt/entries/entry0
sudo cat fw_version last_attempt_version last_attempt_status
```

ఒక ల్యాప్‌టాప్‌లో ఇలా వచ్చిందనుకుందాం:

```
65586
65588
5
```

మొదటిది ఇప్పుడున్న వెర్షన్, రెండోది ఎక్కించబోయిన వెర్షన్. అంటే క్యాప్సూల్ ఫర్మ్‌వేర్ దాకా చేరింది. చివర ఉన్న 5కు అర్థం సంతకం సరిపోలలేదని. ఫైలు పాడై ఉండాలి, లేదా వేరే మోడల్‌ది అయి ఉండాలి. ఇక్కడ సెక్యూర్ బూట్ ఆపి మళ్లీ ప్రయత్నించడం వృథా. ఆ చోట 6 ఉంటే ఛార్జర్ పెట్టలేదని, 7 ఉంటే బ్యాటరీ చాలదని. అలాకాక రెండో అంకె అసలు మారనే లేదంటే క్యాప్సూల్ గుమ్మం దాకా రాలేదన్నమాట. అప్పుడు అనుమానించాల్సింది మోసుకొచ్చే ప్రోగ్రాంను: షిమ్ లేకపోవడమో, నిషేధ జాబితాలోకి వెళ్లిన పాత fwupdx64.efi మిగిలి ఉండడమో, బయోస్‌లో క్యాప్సూల్ మీట ఆపేసి ఉండడమో.

సంతకం ఉన్నంత మాత్రాన అంతా భద్రమని కూడా అనలేం. 2014లో లాస్ వేగస్ బ్లాక్ హ్యాట్ సదస్సులో మైటర్ సంస్థకు చెందిన కోరీ కాలెన్‌బర్గ్, జీనో కోవా, వారి సహచరులు బయటపెట్టిన లోపాలు దీనికి గట్టి ఉదాహరణ. మెమొరీలో క్యాప్సూల్ ఒకే దిమ్మగా ఉండదు, ముక్కలుగా చెదిరి ఉండవచ్చు. సంతకం చూడాలంటే ముందు ఆ ముక్కల పొడవులు లెక్కగట్టి, అన్నిటినీ ఒకచోట పేర్చాలి. పేర్చే పని సంతకం కంటే ముందే జరిగిపోతుంది. అంటే ఇంకా ఎవరిదో తెలియని మూటను ఫర్మ్‌వేర్ విప్పి చూస్తోందన్నమాట.

అనేక తయారీదారులు వాడుకునే ఉమ్మడి కోడ్ ఈడీకే2లో ఆ లెక్కలు తప్పాయి. కావాలని పెట్టిన పెద్ద అంకెలు పరిమితి దాటి, తిరిగి చిన్న అంకెలుగా మారేవి. ఆ చిన్న అంకెను నమ్మిన ఫర్మ్‌వేర్, పెద్ద డేటాను చిన్న చోట పోసేది. పక్కనున్న మెమొరీ చెరిగిపోయి, దాడి చేసినవాడి కోడ్ నడిచేది. ఆ క్షణంలో ఫ్లాష్ చిప్‌కు ఇంకా తాళం పడి ఉండదు, ఎందుకంటే అప్‌డేట్ రాయాలంటే అది తెరిచే ఉండాలి. విండోస్ 8లో అడ్మిన్ హక్కులున్న ప్రోగ్రాం చాలు, దీన్ని మొదలుపెట్టడానికి. CVE-2014-4859, CVE-2014-4860 పేర్లతో ఈ లోపాలు నమోదయ్యాయి. వాటి సవరణ కూడా ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌గానే ఎక్కించాల్సి వచ్చింది.

ఇలాంటి రంధ్రం పూడ్చాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. రంధ్రమున్న పాత వెర్షన్ మీద కూడా తయారీదారు అసలు సంతకమే ఉంటుంది. దాన్ని మళ్లీ ఎక్కిస్తే ముద్ర సరిగ్గానే సరిపోతుంది. అందుకే ESRTలో lowest_supported_fw_version అని మరో అంకె పెట్టారు. అంతకంటే పాతది వస్తే, సంతకం బాగున్నా ఫర్మ్‌వేర్ దాన్ని తిప్పికొట్టి, స్థితి దగ్గర 3 అని రాస్తుంది. ఈ అంకెను ఎప్పుడు పెంచాలన్నది తయారీదారు నిర్ణయం. పెంచాక వచ్చిన కొత్త బయోస్‌తో ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా నిద్ర సరిగా పట్టకపోయినా, ఫ్యాన్ ఆగకపోయినా, వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయినట్టే. అప్పుడు తర్వాతి వెర్షన్ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.