మేత పోరంబోకు గురించి సుప్రీంకోర్టు ఏమంది?

గొర్రెలు, బర్రెలు తోలుకుపోయే వేళకి పిలిచాం, అయినా వచ్చారు. అందుకే తీర్పులో ఉన్నది సూటిగా చెబుతాను.

పంజాబ్‌లో పటియాలా జిల్లా, రోహర్ జాగీర్ అనే ఊరు. అక్కడి ఊరుమ్మడి చెరువును కొందరు మట్టితో పూడ్చి ఇళ్లు కట్టుకున్నారు. పంచాయతీ తగువు పెట్టుకుంటే, స్థలం పంచాయతీదేనని కలెక్టరు ఒప్పుకున్నారు. కానీ ఖాళీ చేయించొద్దు, ధర కట్టించుకుంటే చాలన్నారు. పైనున్న కమిషనర్ ఆ ఉత్తర్వు కొట్టేశారు. హైకోర్టు కమిషనర్ మాటే నిలబెట్టింది. 2011 జనవరి 28న సుప్రీంకోర్టులోనూ ఆక్రమణదారులే ఓడిపోయారు. దీన్నే జగ్‌పాల్ సింగ్ కేసు అంటారు.

చెరువు గొడవతో మన మేత బీడుకేం పని అనుకోకండి. పశువుల మేత, కళ్లం, శ్మశానం, బండ్ల బాట, ఇవన్నీ ఊరుమ్మడివేనని కోర్టు చెప్పింది. మన పోరంబోకు పేరెత్తి మరీ చెప్పింది. ఆక్రమణలు తొలగించి భూమిని పంచాయతీకి అప్పగించే పథకం తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

“ఇరవై ఏళ్లుగా దున్నుతున్నాను”, “లక్షలు పోసి కట్టాను”, “మావాళ్లు పదవిలో ఉన్నారు”. ఈ మూడు సాకులూ చెల్లవని తీర్పులో స్పష్టంగా ఉంది. మనకు ఎక్కువగా వినపడేవీ ఇవే కదా! మినహాయింపు కొద్దిమందికే. ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇచ్చి భూమిలేని కూలీలకో, ఎస్సీ, ఎస్టీలకో లీజుకిచ్చిన చోట, బడి, ఆసుపత్రి లాంటివి ముందే ఉన్న చోట క్రమబద్ధీకరించొచ్చు. కాబట్టి బీడంచున గుడిసె వేసుకున్న పేదింటిమీద అరిచే ముందు, వాళ్ల దగ్గర ఏ కాగితం ఉందో అడగండి.

ఇంకోమాట. తీర్పు చేతికొచ్చింది కదా అని కంచె పీకడానికి మనమే పోకూడదు. ఆక్రమించినవారికి నోటీసివ్వాలి, వాళ్ల మాట వినాలి, ఆ తర్వాతే ఖాళీ చేయించాలి. మన దగ్గర 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ఆ పని చేసేది తహసీల్దారు. మనం కంచె పీకితే కేసు మన మీదికే తిరుగుతుంది.

ఒక చిక్కుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత పోరంబోకు పంచాయతీకి దఖలు పడుతుంది, కానీ ప్రభుత్వానికి ప్రత్యేకంగా అవసరం లేనప్పుడే. అందుకే మొదట రికార్డు చూసుకోవాలి. “కొండ కింద బీడు” అని రాస్తే అర్జీ తిరిగొస్తుంది. సర్వే నంబరు, ఎకరాలు, వర్గీకరణ గడిలో “మేత పోరంబోకు” అని ఉందా లేదా, ఇవి అడంగల్‌లోనూ పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్‌లోనూ చూసి నకలు తీసుకోండి. రెండింటిలో తేడా ఉంటే వర్గీకరణ ఏ ఉత్తర్వుతో మారిందో అడగండి. గ్రామసభ తీర్మానానికి ఆ నకళ్లు జతచేసి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి.