రూపాయికి పావలా... ఏ రూపాయికి?

‘రూపాయికి పావలా మిగిలితే చాలు’ అంటుంటారు చిన్న వ్యాపారులు. ఏ రూపాయికి? సరుకు మీద పెట్టిన రూపాయికా, గల్లాపెట్టెలో పడిన రూపాయికా? రెండూ ఒకటేగా అనిపిస్తుంది కానీ, కావు. రూపాయి పెట్టిన సరుకును రూపాయి పావలాకి అమ్మితే పెట్టుబడి మీద లాభం 25 శాతం. చేతికొచ్చిన రూపాయి పావలాలో మాత్రం ఆ పావలా వాటా 20 శాతమే. పెట్టుబడి మీద కట్టే లెక్క మార్కప్, అమ్మిన ధర మీద కట్టే లెక్క గ్రాస్ మార్జిన్. మిగిలే సొమ్ము అదే అయినా శాతం ఎప్పుడూ మార్కప్‌లోనే పెద్దగా కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్మే ఒక గృహిణి లెక్క చూద్దాం. మామిడికాయలు, నువ్వుల నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, సీసా, లేబుల్ అన్నీ కలిపి సీసాకి 200 రూపాయలు పడిందనుకుందాం. ముప్పై శాతం లాభం చాలనుకుని ఆమె 60 రూపాయలు కలిపి 260కి అమ్మింది. నెలకి వంద సీసాలు పోయాయి. అమ్మకం 26,000. అందులో ముప్పై శాతం, అంటే 7,800 తనకి మిగులుతుందన్న ధీమాతో సహాయకురాలి కూలీకి, కరెంటుకి, గ్యాస్‌కి, ఆటో కిరాయిలకి 6,500 ఖర్చు పెట్టింది. నిజానికి సీసాకి 60 చొప్పున మిగిలింది 6,000 మాత్రమే. అంటే ఆమె మార్జిన్ ముప్పై కాదు, 23 శాతం. వంద సీసాలూ అమ్ముడుపోయాక ఆమె చేతి నుంచే 500 పోయింది. ఆమె సొంత కష్టానికి ఇంకా కూలీ కట్టనే లేదు.

నష్టం వెంటనే కనిపించదు. ప్రతి సీసా మీదా 60 రూపాయలు వస్తూనే ఉన్నాయి, చేతిలో డబ్బు ఆడుతూనే ఉంది. తేడా తెలియాలంటే నెలాఖరున ఒక భాగహారం చేయాలి: అమ్మకంలోంచి సరుకు ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ అమ్మకంతోనే భాగించాలి. ఇక్కడ 26,000లోంచి 20,000 పోను 6,000. దాన్ని 26,000తో భాగిస్తే 0.23.

ముప్పై శాతం మార్జినే కావాలంటే 200ని 1.3తో గుణించకూడదు, 0.7తో భాగించాలి. అప్పుడు ధర సుమారు 286 అవుతుంది. వచ్చిన ప్రతి వంద రూపాయల్లో ముప్పై తనకి ఉండాలంటే, సరుకు ఖర్చు మిగిలిన డెబ్బైలో ఇమడాలన్నదే ఈ లెక్క. కాలిక్యులేటర్‌ని నమ్ముకునేవారికి ఒక హెచ్చరిక. 200, ప్లస్, 30, శాతం అని వరసగా నొక్కితే ఫోన్లు సాధారణంగా 260 చూపిస్తాయి. కొన్ని టేబుల్ కాలిక్యులేటర్లు మాత్రం అవే మీటలకి 285.71 చూపిస్తాయి. అవి దాన్ని అమ్మకం ధర మీద లాభంగా అర్థం చేసుకుంటాయి మరి!

అసలు దెబ్బ దుకాణం గడప దగ్గర తగులుతుంది. పచ్చళ్లు బాగున్నాయని ఒక సూపర్‌మార్కెట్ ‘మా మార్జిన్ ముప్పై శాతం’ అంది. తనూ ముప్పై కలిపింది కదా, ఉన్న లాభం వాళ్లకి పోతుంది, కనీసం అసలు చేతికొస్తుంది, పేరూ వస్తుంది అనుకుంది ఆవిడ. కానీ దుకాణం అడిగింది ఎమ్మార్పీ మీద. 260లో ముప్పై శాతం 78. ఆమెకి దక్కేది 182, సీసాకి 18 రూపాయల నష్టం. పండగ డిస్కౌంట్లతోనూ ఇదే తంటా. 25 శాతం కలిపి అమ్మే సరుకు మీద 20 శాతం తగ్గింపు ఇచ్చారంటే లాభం మొత్తం ఇచ్చేసినట్టే.

అందుకే శాతం వినపడగానే ‘దేని మీద?’ అని అడగాలి. టోకు వ్యాపారంలో కొందరు కొన్న ధర మీద, కొందరు ఎమ్మార్పీ మీద చెబుతారు. రోజుకి పది రకాల సరుకు దించుకునే కిరాణా వ్యాపారికి కొన్న ధర మీద ఇంత అని కలుపుకోవడం సులువు. అదేం తప్పు కాదు. అద్దె, జీతాలు అమ్మకంలో ఎన్నో వంతు అని చూసుకునేటప్పుడు ఆ శాతాన్నే పట్టుకొస్తేనే ధర తక్కువ పడుతుంది.

సూపర్‌మార్కెట్‌కి ముప్పై, తనకి ఇరవై, రెండూ ఎమ్మార్పీ మీదే కావాలంటే ఆమె 200 ఖర్చు మిగిలిన యాభైలో సరిపోవాలి. అంటే సీసా మీద 400 అచ్చు వేయాలి. ఎమ్మార్పీలో పన్నులు కూడా కలిసే ఉంటాయి కాబట్టి, జీఎస్టీ కట్టేవారైతే ఇంకాస్త ఎక్కువే. పక్క అరలో అలాంటి సీసాయే 300కి దొరుకుతుంటే 400కి ఎవరూ కొనరు. పోనీ 300కే ఇద్దామంటే దుకాణానికి 90 పోను ఆమెకి 210 వస్తుంది, మిగిలేది పది రూపాయలు. ఆ పదిలోంచే కూలీ, ఆటో, పగిలిన సీసాలు. తెలిసినవాళ్లకి నేరుగా 286కి అమ్మితే సీసాకి 86 మిగులుతుంది. దుకాణంలో ఎనిమిది సీసాలు పోయినా అంత రాదు.